‘తగు చర్య తీసుకోగలరు’ అంటే ఏం చేయమని?

సందేహం: బెంగళూరు కె.ఆర్.పురంలో జనరల్ ఫిజీషియన్ని. మా ఆదివారం ఉచిత క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో చింతామణి, మదనపల్లె వైపు తెలుగువాళ్ళే ఎక్కువ. రోగి కూడా చదువుకుంటాడని రిఫరల్ చీటీలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. జీర్ణకోశ వ్యాధుల నిపుణుడైన మిత్రుడికి ఇలా రాశాను: “నాలుగు నెలల క్రితం గుండెకు స్టెంట్ వేయించుకుని రెండు రకాల రక్తం పలచన చేసే మందులు వాడుతూ, రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకుంటూ, నల్ల విరేచనాలతో, నీరసంతో బాధపడుతున్న 58 ఏళ్ళ రోగిని తమ వద్దకు పంపుతున్నాను. క్లోపిడోగ్రెల్ ఆపారు. బరువు తగ్గలేదు. దయచేసి పరీక్షించి తగు చర్య తీసుకోగలరు.” ఆయన ఫోన్ చేసి “ఇంతకీ నన్నేం చేయమంటావు?” అన్నాడు. వ్యాకరణం సరిగానే ఉన్నట్టుంది. తప్పెక్కడ? ఇంగ్లీషులో రాసుంటే ఈ చిక్కు వచ్చేది కాదా?

సమాధానం: ఇంగ్లీషులోనూ వచ్చేదే. ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ అని రాసే చీటీలు మీ ఊళ్ళో రోజూ ఎన్ని తిరుగుతుంటాయో మీకే బాగా తెలుసు. మీ ‘తగు చర్య తీసుకోగలరు’ దానికి తోబుట్టువు. ఆఫీసు సర్క్యులర్లలో ‘హాజరు కాగలరు’, ‘గమనించగలరు’ చెల్లుతాయి, ఎందుకంటే అక్కడ చేయవలసిన పని ముందే తెలుసు. మీ చీటీలో ఆ పనేమిటన్నదే అసలు ప్రశ్న. దాన్ని మర్యాద మాటతో కప్పేశారు. వ్యాకరణం సరిగానే ఉంది, అడగడమే జరగలేదు.

అడగడానికి తెలుగు క్రియ మంచి పనిముట్టు. ‘ఎండోస్కోపీ చేయాలా?’ అంటే ఆ పరీక్ష అవసరమా అని సలహా అడుగుతున్నారు. ‘చేయవచ్చా?’ అంటే అవసరమేనని మీకు తెలుసు, ఈ స్థితిలో ప్రమాదం లేదా అని అడుగుతున్నారు. ‘చేస్తారా?’ అంటే నిర్ణయం అయిపోయింది, పని అప్పజెబుతున్నారు. ఈ మూడింటికీ నిపుణుడు ఇచ్చే జవాబులు వేరు, రోగికి కేటాయించే సమయమూ వేరు. మీ రోగి విషయంలో మొదటిది అడగనక్కర్లేదు. 58 ఏళ్ళ మగవాడికి ఇనుము లోపంతో రక్తహీనత వచ్చిందంటే, కారణం స్పష్టంగా తెలియనప్పుడు, పైనుంచీ కిందనుంచీ పేగు చూడాలన్నది మీ ఇద్దరికీ తెలిసిందే. మీకు తెలియవలసింది, గుండెకు స్టెంట్ పడి నాలుగు నెలలే అయిన మనిషికి ఇప్పుడే చేయవచ్చా, ఆగాలా అన్నది. అదే చీటీలో మొదటి వాక్యం కావాలి.

మొదటి వాక్యం అనడానికి కారణం ఉంది. తెలుగు వాక్యంలో ముఖ్యక్రియ చివర వస్తుంది, విశేషణాలన్నీ నామవాచకానికి ముందు పేరుకుంటాయి. ‘వేయించుకుని, వాడుతూ, వేసుకుంటూ, బాధపడుతున్న’ అంటూ నాలుగు అసమాపక క్రియలు దాటితే గానీ ‘రోగి’ కనిపించడు. అంతదాకా చదివేవాడు ప్రతి ముక్కనూ తలలో పట్టుకుని ఉండాలి. ఓపీలో ఇరవై మంది బయట కూర్చున్నప్పుడు ఎవరూ పట్టుకోరు. పైగా ‘వేసుకుంటూ... బాధపడుతున్న’ అన్నప్పుడు రెండూ ఒకే కాలంలో జరుగుతున్నాయని తప్ప, ఏది ముందో తెలియదు. ఇక్కడ ఆ ముందువెనుకలే కీలకం. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లబరుస్తాయి. మాత్రలకు ముందే నల్లగా ఉంటే కడుపులో రక్తస్రావం అని ఆందోళన పడాలి. తరువాత నల్లబడితే మాత్రల వల్లే కావచ్చు. ‘-తూ’ తీసేసి తేదీ వేసి పూర్తి క్రియతో రాస్తే ఈ గందరగోళం ఉండదు.

‘విరేచనం’ దగ్గర కూడా ఆగాలి. బహువచనంలో ‘విరేచనాలు’ అనగానే ఎక్కువమందికి నీళ్ళ విరేచనాలే గుర్తొస్తాయి. మీ రోగులు ‘దొడ్డికి నల్లగా పోతాంది’ అంటారు. దాన్ని ‘మలం నల్లగా ఉంది’ అని మారిస్తే చాలు. తారులా జిగటగా, దుర్వాసనతో ఉందా, మామూలుగా గట్టిపడి నల్లగా ఉందా అన్నది ఇంకొక్క మాట. మొదటిది రక్తానికి గుర్తు, రెండోది ఎక్కువగా ఐరన్‌కు.

ఇక ‘క్లోపిడోగ్రెల్ ఆపారు’. మీ చీటీలో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే. ‘ఆపారు’ అంటే రోగి ఆపాడా (గౌరవంగా ఆయన), గుండె డాక్టరు ఆపించాడా, మరో ఆస్పత్రిలో వాళ్ళు ఆపారా? ‘-ఆరు’ ప్రత్యయం వీళ్ళందరికీ సరిపోతుంది. ఆ మాటకొస్తే ‘మీరు’కు కూడా అదే, అంటే చీటీ అందుకున్నవాడికే అంటగట్టవచ్చు. ఇందులో గుండె డాక్టరు చెప్పి ఆపించినదైతే నిపుణుడు నిశ్చింతగా ముందుకు పోతాడు. రోగి భయపడి మానేసినదైతే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం నడుస్తోందని అర్థం, ఎండోస్కోపీ కన్నా అది ముందు చూడాలి. గౌరవ బహువచనం వదులుకోనక్కర్లేదు, కర్తను పెట్టండి: ‘రోగి తానే మానేశారు’, ‘గుండె డాక్టరు ఆపించారు’, ‘నేను ఆపించాను’. మానడం, ఆపించడం అనే తేడా కూడా సగం కథ చెబుతుంది. పైవాక్యంలో ‘రెండు రకాల మందులు వాడుతూ’ అని, వెంటనే ఒకటి ఆపారని రాశారు. అప్పుడు వాడుతున్నది రెండా, ఒకటా? ‘రక్తం పలచన చేసే మందు’ అన్నమాటను జనం ఆస్పిరిన్‌కూ, వార్ఫరిన్‌కూ కలిపే వాడతారు. కానీ ఎండోస్కోపీకి ముందు ఆ రెండింటి లెక్క వేరు. అందుకని పేరు, మోతాదు రాయాలి.

‘బరువు తగ్గలేదు’లో చిన్న సంగతి దాగి ఉంది. మీరు తూచారా, ఆయన చెప్పాడా, అసలు అడగలేదా? తెలుగులో ‘లేదు’ ఈ మూడింటినీ మోస్తుంది. రోగి చెప్పినదానికి ‘తగ్గలేదన్నారు’ అనండి. ‘తగ్గలేదట’ అని కూడా అనవచ్చు గానీ, ఉత్తరంలో ‘అట’ చేరితే మీరు నమ్మడం లేదేమో అన్న ఛాయ వస్తుంది. మీరు స్వయంగా చూసినదానికి ‘గడ్డ చేతికి తగల్లేదు’ లాంటి వాక్యం. అడగనిదాన్ని వదిలేయండి, లేదా అడగలేదని రాయండి.

ఇవన్నీ కలిపితే చీటీ ఇలా ఉంటుంది. తేదీలు, అంకెలు, మీరు చెప్పని వివరాలు నేను ఊహించి నింపినవి, మీ రికార్డు చూసి మార్చుకోండి.

“డాక్టర్ గారికి నమస్కారం. 10 మార్చి 2025.

మిమ్మల్ని అడుగుతున్నది: ఇనుము లోపంతో రక్తహీనత ఉన్న ఈయనకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఆపకుండా ఎండోస్కోపీ, కొలనోస్కోపీ ఇప్పుడే చేయవచ్చా? లేక స్టెంట్‌కు ఏడాది నిండేదాకా ఆగాలా?

58 ఏళ్ళ పురుషుడు. 6 నవంబరు 2024న గుండెపోటు, మందు పూసిన స్టెంట్ ఒకటి వేశారు. ఏడాది పాటు ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాములు వాడాలని డిశ్చార్జి కాగితంలో ఉంది.

జనవరి నుంచి నీరసం, మెట్లెక్కితే ఆయాసం. ఫిబ్రవరి 12న హిమోగ్లోబిన్ 8.4, ఎం.సి.వి. 68, ఫెరిటిన్ 9. ఐరన్ మాత్రలు ఫిబ్రవరి 15న మొదలుపెట్టాను. మలం నల్లబడింది ఆ తరువాతేనన్నారు. అంతకుముందు నల్లగా గానీ, ఎర్రటి రక్తం గానీ చూడలేదన్నారు. బరువు తగ్గలేదన్నారు, పాత తూకం మా దగ్గర లేదు.

మలం నల్లబడిందని భయపడి ఫిబ్రవరి 28న రోగి తానే క్లోపిడోగ్రెల్ మానేశారు. మార్చి 8న నా దగ్గరికి వచ్చారు. అదే రోజు గుండె డాక్టరుతో మాట్లాడి మళ్ళీ మొదలుపెట్టించాను. పాంటొప్రజోల్ 40 కూడా ఇచ్చాను. ఆ రోజు హిమోగ్లోబిన్ 9.2, నాడి 84, బి.పి. 126/78. పొట్టలో గడ్డ చేతికి తగల్లేదు. మలద్వారంలో వేలితో చూశాను: గడ్డ లేదు, మలం నల్లగా ఉంది, జిగట లేదు.

రెండు వారాల్లో చూడగలిగితే మేలు. ఐరన్, రక్త పరీక్షలు నేను చూసుకుంటాను, కొలనోస్కోపీ తేదీ చెబితే వారం ముందు ఐరన్ ఆపిస్తాను. క్లోపిడోగ్రెల్ ఆపవలసి వస్తే ముందు గుండె డాక్టరుతో మాట్లాడండి, ఆయన నంబరు కింద ఉంది. పుండు గానీ, కాన్సర్ గానీ ఉందేమో తేల్చుకోవడానికే పంపుతున్నానని రోగికీ, కొడుకుకీ చెప్పాను.”

ఇందులో హిమోగ్లోబిన్ రెండుసార్లు రాయడం ఊరికే కాదు. 8.4 నుంచి 9.2కు పెరిగిందంటే ఐరన్ పనిచేస్తోంది, పెద్ద రక్తస్రావం ఇప్పుడు జరుగుతున్నట్టు లేదు. ‘రెండు వారాల్లో’ అన్న మాటకు ఆధారం అదే. అంకె తగ్గుతూ ఉంటే ఆ వాక్యం ‘ఈరోజే చూడాలి’ అని మారాలి, అప్పుడు చీటీ చాలదు, ఫోన్ చేయాలి. ‘అర్జెంట్’ అని ఎర్రసిరాతో గీయడం కన్నా ఎన్నాళ్ళలో చూడాలో రాయడం నయం. ప్రతి చీటీ మీదా అర్జెంట్ అని ఉంటే ఎవరూ దాన్ని చదవరు.

‘తమ వద్దకు’, ‘దయచేసి’ లాంటివి పోయాయని మర్యాద తగ్గిందనుకోకండి. స్నేహితుల మధ్య ‘మీరు’, ‘నమస్కారం’ చాలు. అసలు మర్యాదంతా ఎవరి పని ఎవరు చేస్తారో చెప్పే చివరి పేరాలో ఉంది. ఆ ‘నేను చూసుకుంటాను’ లేకపోతే ఐరన్ ఆపించే బాధ్యత ఇద్దరి మధ్యా జారిపోయి, కొలనోస్కోపీ రోజున నల్లటి మడ్డి పేగుకు అంటుకుని ఏమీ కనబడక మళ్ళీ తేదీ ఇవ్వవలసి వస్తుంది.

రోగి చదువుతాడని తెలుగులో రాస్తున్నారు కాబట్టి ఆ కాన్సర్ వాక్యం సంగతి. చీటీ విప్పి చదివాకే ఆయనకు మొదటిసారి ఆ మాట తెలియకూడదు. ముందు నోటితో చెప్పి, చెప్పానని రాస్తే మీ మిత్రుడూ ఎంతవరకు మాట్లాడాలో తెలుసుకుంటాడు. చెప్పకుండా ‘గడ్డ అనుమానం’ అని తెలుగులో రాసివ్వడం కన్నా ఇంగ్లీషులో రాసివ్వడమే నయం.

చివరిగా, బెంగళూరులో రాత్రిపూట ఎమర్జెన్సీలో ఉండే డాక్టరుకు తెలుగు చదవడం రాకపోవచ్చు. చీటీ వెనుక మందుల పేర్లు, మోతాదులు, స్టెంట్ తేదీ, గుండె డాక్టరు నంబరు ఇంగ్లీషులో నాలుగు వరుసల్లో రాయండి. మలం తారులా జిగటగా వచ్చినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా ఆ వైపు చూపించమని రోగికి చెప్పండి.