ఫీల్డ్ లోంచి బయటికి వస్తున్న లూప్‌లో కరెంట్ ఏ వైపు తిరుగుతుంది?

ప్రశ్న: లూప్ ఫీల్డ్‌లోకి వెళ్లే బొమ్మ ఇస్తే కరెంట్ దిశ సరిగ్గానే రాస్తున్నాను. బయటికి వచ్చే బొమ్మ ఇస్తే మాత్రం ప్రతిసారీ తప్పుతోంది. లెంజ్ నియమం అంటే వ్యతిరేకించడమే కదా? ఫీల్డ్ కాగితం లోపలికి ఉంటే ప్రేరిత ఫీల్డ్ ఎప్పుడూ బయటికే ఉండాలి కదా?

జవాబు: మీ ప్రశ్నలో ఆ చివరి వాక్యం దగ్గరే చిక్కు ఉంది. చదువుకునే రోజుల్లో నేనూ సరిగ్గా అలాగే అనుకుని ఒక పరీక్షలో ఇదే బొమ్మకు తప్పు దిశ రాశాను. ప్రేరిత కరెంట్ ఫీల్డ్‌ను వ్యతిరేకించదు. ఫ్లక్స్‌లో వస్తున్న మార్పును వ్యతిరేకిస్తుంది. లూప్ లోపలికి వెళ్లేటప్పుడు ఫ్లక్స్ పెరుగుతుంది కాబట్టి రెండూ ఒకటే అవుతాయి, తప్పుగా ఆలోచించినా జవాబు సరిగ్గా వస్తుంది. బయటికి వచ్చేటప్పుడు ఆ తప్పు బయటపడుతుంది.

ఒక బొమ్మ తీసుకుందాం. ఫీల్డ్ 0.5 టెస్లా, కాగితం లోపలికి (అంటే × గుర్తులు). 10 సెం.మీ. భుజం ఉన్న చదరపు లూప్ సెకనుకు 2 మీటర్ల వేగంతో కుడివైపుకు వెళ్తూ ఫీల్డ్ కుడి అంచు దాటుతోంది. లూప్ నిరోధం 0.2 ఓమ్‌లు.

ముందు ఫ్లక్స్ ఏ దిశలో ఉందో చూడండి: లోపలికి. అది పెరుగుతోందా, తగ్గుతోందా? లూప్‌లో ఫీల్డ్‌లో ఉన్న భాగం తగ్గిపోతోంది కాబట్టి తగ్గుతోంది. తగ్గుతున్నదాన్ని నిలబెట్టాలంటే ప్రేరిత ఫీల్డ్ కూడా లోపలికే ఉండాలి. ఇప్పుడు కుడిచేతి బొటనవేలు కాగితం లోపలికి చూపిస్తే మడిచిన వేళ్లు సవ్యదిశలో తిరుగుతాయి. కరెంట్ దిశ అదే. నేను తప్పు చేసిన రోజు "పెరుగుతోందా, తగ్గుతోందా" అన్న ఒక్క మెట్టు దాటేశాను. అందుకే ఇప్పటికీ బొమ్మ పక్కన "లోపలికి, తగ్గుతోంది" అని రెండు మాటలు రాసుకున్నాకే చెయ్యి ఎత్తుతాను.

జవాబు సరైనదో కాదో బలంతో తేల్చుకోవచ్చు. ఫీల్డ్‌లో ఇంకా మిగిలిన నిలువు భుజం ఎడమది. సవ్యదిశ అంటే అందులో కరెంట్ పైకి వెళ్తుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం పెడితే దాని మీద బలం ఎడమవైపుకు వస్తుంది. లూప్ కుడికి వెళ్తుంటే బలం వెనక్కి లాగుతోంది, కాబట్టి దిశ సరైనదే. మీరు అపసవ్యదిశ రాసి ఉంటే బలం కుడికి వచ్చేది. అప్పుడు లూప్ ఎవరూ లాగకుండానే వేగం పెంచుకుంటూ పోవాలి, శక్తి నిత్యత్వం దానికి ఒప్పుకోదు. ఒక్క జాగ్రత్త: బలానికి ఎడమచేయి, ప్రేరిత కరెంట్‌కు కుడిచేయి. టెన్షన్‌లో ఈ రెండూ తారుమారవుతాయి.

పరిమాణం త్వరగానే వస్తుంది. BLv = 0.5 × 0.1 × 2 = 0.1 వోల్టు. నిరోధంతో భాగిస్తే కరెంట్ 0.5 ఆంపియర్లు.

లూప్ పూర్తిగా ఫీల్డ్ లోపలే ఉండి కదులుతుంటే కరెంట్ సున్నా. కదులుతోంది కదా అని చాలామంది అక్కడ కూడా బాణం గీస్తారు. నిజానికి ఎడమ, కుడి భుజాలు రెండింటిలోనూ ధనావేశాన్ని పైకి నెట్టే ప్రభావం సమానంగా ఉంటుంది. లూప్ చుట్టూ చూస్తే ఒకటి సవ్యదిశకు, ఇంకొకటి అపసవ్యదిశకు పనిచేసి రద్దయిపోతాయి.

ఇదే పొరపాటు ఫ్లక్స్–కాలం గ్రాఫ్‌లో ఇంకో రూపంలో వస్తుంది. లూప్ కదలకుండా ఉంది, లోపలికి ఉన్న ఫీల్డ్ క్రమంగా తగ్గి, సున్నా దాటి, బయటికి పెరుగుతోంది అనుకోండి. సున్నా దగ్గర ఫీల్డ్ దిశ మారింది కాబట్టి కరెంట్ దిశ కూడా మారుతుందని అనిపిస్తుంది. రెండు భాగాలనూ విడిగా చూడండి. మొదట లోపలికి ఉన్న ఫ్లక్స్ తగ్గుతోంది, కాబట్టి ప్రేరిత ఫీల్డ్ లోపలికి, కరెంట్ సవ్యదిశ. తర్వాత బయటికి ఉన్న ఫ్లక్స్ పెరుగుతోంది, దాన్ని అడ్డుకోవాలంటే ప్రేరిత ఫీల్డ్ మళ్లీ లోపలికే, కరెంట్ మళ్లీ సవ్యదిశే. గ్రాఫ్ సున్నా గీతను దాటిన చోట దిశ మారదు. గ్రాఫ్ వాలు గుర్తు మారిన చోట, అంటే శిఖరం దగ్గరో లోయ దగ్గరో మారుతుంది. గ్రాఫ్ ఇచ్చినప్పుడు నేను మొదట శిఖరాలు, లోయల దగ్గర నిలువు గీతలు గీసి, వాటి మధ్య ఉన్న ఒక్కో ముక్కకూ ఒక్కసారే దిశ తేలుస్తాను.