కొట్టేసి, దిద్ది రాసిన లెక్కలో ఏ జవాబుకి మార్కు?

మా వాడు పర్లాకిమిడిలో సీబీఎస్ఈ పది చదువుతున్నాడు. లెక్కల పేపర్లో కొట్టేసి, అంకె మీద అంకె దిద్ది రాస్తాడు. మాస్టార్లు దేనికి మార్కులేస్తారు?

మొదట దిద్దుడు సంగతి చెప్తానండి, మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే. స్థూపం లెక్కలో భూమి వైశాల్యం 154 అని రావాలి. పిల్లాడు ముందు 184 రాసి, 8 మీదే 5 దిద్దాడు. చూస్తే ఏదో తెలీదు. అప్పుడు నేను కింది వరస చూస్తాను. అక్కడ 154 × 10 = 1540 అని ఉంటే, వాడు పట్టుకెళ్ళింది 154 అని తేలిపోతుంది, మార్కు ఇచ్చేస్తాను. అదే దిద్దుడు ఆఖరి జవాబులో పడితే కింద సాక్ష్యం ఉండదు. సరైన అంకెని వాడి తరఫున నేను ఎంచుకోకూడదు కదా! పై మెట్లకి మార్కులు మిగుల్తాయి, జవాబు మార్కు పోతుంది.

కొట్టేసి కింద మళ్ళీ చేస్తే, కొట్టనిదే చూస్తాను, పాతదే సరైనదైనా సరే.

రెండూ కొట్టకుండా వదిలేస్తే? ఒక మార్కు బహుళైచ్ఛిక ప్రశ్నల్లో మొదట రాసినదే లెక్క అని సీబీఎస్ఈ మూల్యాంకన సూచనల్లో ఉంది. అంటే మనసు మార్చుకుని కింద సరైనది రాసినా, పైది కొట్టకపోతే సున్నానే.

అందుకే మీ వాడితో చెప్పండి: అంకె తప్పితే దానిమీద ఒక్క అడ్డగీత గీసి, పక్కన కొత్తగా రాయమనండి.