మిషన్ డైమండ్ అంది, కంసాలి కాదన్నాడు

ప్రశ్న: 20 నెలల క్రితం మా పాతికేళ్ల పెళ్లిరోజుకని తిరుపతిలో రూ.3.10 లక్షలు పెట్టి ఒక కారట్ వజ్రపుటుంగరం కొన్నాను. షాపులో మిషన్ పెట్టి డైమండ్ అని చూపించి, బిల్లు బదులు ఎస్టిమేట్ చీటీ ఇచ్చారు. మొన్న చిత్తూరులో కంసాలి అది వజ్రం కాదు, వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయి అన్నాడు. మా ఆవిడ ఏడుపు చూడలేకపోతున్నాను. ఉంగరం తెస్తే రాయి మార్చిస్తానంటున్నాడు షాపాయన. ఇచ్చేయమంటారా, సార్?

జవాబు: ఇవ్వొద్దు. ఉంగరం చేయి దాటితే మీ కేసూ చేయి దాటినట్టే. రాయి ఊడదీసి చూపించమని ఏ కంసాలికీ ఇవ్వకండి. రేపు షాపాయన అడగబోయేది ఒకటే: ‘నేనమ్మిన రాయి ఇదేనని రుజువేది?’ కేసంతా దీనిమీదే నిలుస్తుంది.

మిషన్ అబద్ధం చెప్పలేదు. అది రాయి వేడిని ఎంత త్వరగా లాగుతుందో చూస్తుంది, అంతే. మనం అమెరికన్ డైమండ్ అనే సీజెడ్ అక్కడే దొరికిపోతుంది. మోయిసనైట్ వజ్రంలాగే వేడిని లాగేస్తుంది కాబట్టి మామూలు టెస్టర్ దాన్నీ డైమండనే అంటుంది. గట్టిదనంలోనూ వజ్రం 10 అయితే అది 9.25. సీజెడ్ 8 నుంచి 8.5 మాత్రమే కాబట్టి వాడగా వాడగా అంచులు అరుగుతాయి. మోయిసనైట్ అలా తేలిగ్గా అరగదు కనుక ఇన్నాళ్లు పెట్టుకున్నా మీకు అనుమానం రాలేదు.

మీ కంసాలి పట్టుకున్నది బహుశా కంటితోనే. పదింతలు పెద్దది చేసే లూప్‌లో రాయిని కాస్త వంచి, పక్క ముఖాల్లోంచి అడుగు అంచులను చూస్తే మోయిసనైట్‌లో ఒక్కో గీత రెండుగా కనిపిస్తుంది. నిటారుగా పైనుంచి చూస్తే ఈ జంటగీత కనపడకపోవచ్చు. వజ్రంలోనూ సీజెడ్‌లోనూ ఎటు చూసినా గీత ఒకటే. ఇంద్రధనుస్సు రంగులు మరీ ఎక్కువగా చిమ్మినా అనుమానించాల్సిందే, ఈ గుణం మోయిసనైట్‌కు వజ్రం కన్నా రెట్టింపు పైనే.

ఇక మీ నిర్లక్ష్యం. మూడు లక్షల సరుకుకు పక్కా బిల్లు అడక్కుండా ఎస్టిమేట్ చీటీ తెచ్చుకున్నారు! అయినా అందులో ‘డైమండ్ 1.00 కారట్, మొత్తం తూకం 4.200 గ్రా.’ అని ఉండటం మీ అదృష్టం. 6.5 మిల్లీమీటర్ల గుండ్రటి వజ్రం సుమారు 200 మిల్లీగ్రాములు తూగుతుంది. అదే కొలత మోయిసనైట్ సుమారు 176. ఉంగరాన్ని శుభ్రం చేసి, రాయి తీయకుండా, మిల్లీగ్రాము చూపే కాటాలో తూచండి. తూకం ఇప్పటికీ 4.200 దగ్గరే ఉంటే ‘రాయి మీరే మార్చారు’ అన్న వాదన బలహీనపడుతుంది. 24 మిల్లీగ్రాములు తగ్గి ఉంటే మాత్రం అది మీకే ఎదురు తిరగొచ్చు. బంగారం అరుగుదల కూడా అందులో కలుస్తుంది కనుక ఈ ఒక్క సాక్ష్యాన్నే నమ్ముకోకండి. డబ్బు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. రాయి మార్చిస్తానన్న మాట ఫోన్లో కాకుండా వాట్సాప్‌లో రాయించుకోండి.

2019 వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. మోసం ఈమధ్యే తెలిసిందని వాదించొచ్చు గానీ ఆ ధీమాతో కూర్చోకండి, కొన్న తేదీ నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు మిగిలింది 4 నెలలు. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు. షాపుకు 15 రోజుల నోటీసిచ్చి, జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. ఫిర్యాదుతోపాటే 38వ సెక్షన్ కింద రాయిని సీలు వేసి ల్యాబుకు పంపమని దరఖాస్తు పెట్టండి. అప్పటిదాకా ఉంగరం బ్యాంకు లాకర్లో ఉండాలి.