కెరీర్ సలహా ఇచ్చిన సీనియర్‌కి థ్యాంక్స్ ఎలా రాయాలి?

ప్రశ్న: రెండు నెలల క్రితం ఒక సీనియర్ గంటసేపు ఫోన్లో సలహాలిచ్చారు. కొన్ని పాటించాను, కొన్ని లేదు. ఉద్యోగం ఇంకా రాలేదు. ఇప్పుడే థ్యాంక్స్ చెబుతూ రాయొచ్చా? ఏం రాయాలి?

జవాబు: ఇప్పుడే రాయండి, ఉద్యోగం వచ్చేదాకా ఆగొద్దు.

నేను మాన్యువల్ టెస్టింగ్ నుంచి డేటా అనాలిసిస్ వైపు మారాలనుకున్నప్పుడు ఒక మేడమ్ గంటసేపు మాట్లాడి దారి చూపించారు. మర్నాడే "మీ సలహాలు చాలా ఉపయోగపడ్డాయి మేడమ్, థ్యాంక్యూ" అని పంపాను. "ఆల్ ది బెస్ట్" అన్నారు, అంతే. అప్పటికి నేను ఆ సలహాతో ఏమీ చేయలేదు కదా, ఆవిడ మాత్రం ఇంకేం అంటారు! ఆరు వారాల తర్వాత ఇలా రాశాను:

"నమస్తే మేడమ్. నా రెజ్యూమెలో చేసిన పనులున్నాయి గానీ వాటివల్ల ఏం జరిగిందో లేదన్నారు. ఆ వారమే మూడు పేజీలను ఒక పేజీ చేశాను. 'రిగ్రెషన్ టెస్టింగ్ చేశాను' అన్న లైను తీసేసి, 'రెండు రోజుల రిగ్రెషన్ టెస్టింగ్ ఒక్క రోజులో అయ్యేలా టెస్ట్ కేసులు తగ్గించాను' అని రాశాను. అంతకుముందు 20 అప్లికేషన్లు పెడితే ఒక్క కాల్ రాలేదు. ఈసారి 12 పెడితే 3 ఇంటర్వ్యూలు వచ్చాయి. మూడూ పోయాయి. చివరిదాంట్లో, రెండు టేబుల్స్ జాయిన్ చేస్తే మొత్తం ఎందుకు పెరిగిందని అడిగారు, చెప్పలేకపోయాను. మీరు చెయ్యమన్న ప్రాజెక్టు షిఫ్టుల వల్ల ఇంకా మొదలుపెట్టలేదు. మీరు ఆ గంట ఇవ్వకపోతే పాత రెజ్యూమెనే పంపుతూ ఉండేదాన్ని. చాలా థ్యాంక్స్ మేడమ్."

చివర్లో "మీ కంపెనీలో ఖాళీలుంటే చెప్పండి" అని కూడా రాసి, పంపేముందు తీసేశాను. అది ఉంటే పైన రాసిందంతా ఆ ఒక్క లైను కోసమే అనిపిస్తుంది. రిఫరల్ కావాలంటే తర్వాత విడిగా అడగొచ్చు. ప్రాజెక్టు చెయ్యలేదన్న మాట మాత్రం ఉంచాను. దాచి ఉంటే, అది అయిపోయిందనుకుని ఆవిడ తర్వాతి మెట్టు గురించి చెప్పేవారు.

ఆ సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. "పెద్ద ప్రాజెక్టు వద్దు, నువ్వు చెప్పలేకపోయిన ప్రశ్నే ప్రాజెక్టుగా చేసుకో" అన్నారు. ఆర్డర్లకో టేబుల్, చెల్లింపులకో టేబుల్ పెట్టుకున్నాను. 1000 విలువున్న ఒక ఆర్డర్‌కి రెండు చెల్లింపులుంటే, జాయిన్ చేశాక ఆ ఆర్డర్ రెండు వరసల్లో వస్తుంది. ఆర్డర్ విలువలు కూడితే 2000 అవుతుంది. ముందు చెల్లింపులను ఆర్డర్‌కి ఒక వరస చొప్పున కూడి ఆ తర్వాత జాయిన్ చేస్తే సరిపోయింది. జాయిన్‌కి ముందూ తర్వాతా వరసలు లెక్కపెడితే ఈ తప్పు దొరుకుతుందని కూడా ఆవిడే చెప్పారు. రెండు వీకెండ్లు పట్టింది.

మొదటి మెసేజ్‌లా రాసి ఊరుకుంటే నేనెక్కడ ఆగిపోయానో ఆవిడకి తెలిసేదే కాదు. ఆఫర్ వచ్చిన రోజు ఆవిడకి రెండే లైన్లు రాశాను. మిగతా కథంతా అప్పటికే ఆవిడకి తెలుసు.