యాప్ తీసేసినంత మాత్రాన ఫొటోలు పోవు

ప్రశ్న: మా పాప పదో తరగతి. దాని ముఖాన్ని ఏదో డ్యాన్స్ వీడియోకి అతికించి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వారం నుంచి స్కూలుకి పోనంటోంది. అది కూడా అలాంటి యాప్‌లో తన ఫొటోలు పెట్టిందని తెలిసి ఫోన్ లాక్కున్నాను, యాప్ తీసేశాను. ఇంకేం చేయాలండీ?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఫోన్ ఇచ్చేయండమ్మా. అమ్మకు తెలిస్తే శిక్ష పడుతుందని పాపకు అనిపిస్తే, రేపు ఇంతకన్నా పెద్దది జరిగినా మీ దాకా రాదు. ఈ రాత్రి ఎదురుగా కూర్చోబెట్టి కాకుండా, వంటింట్లో పని చేసుకుంటూ అడగండి: "అది చూసి ఎవరెవరు ఏమన్నారమ్మా?" చాలామంది పిల్లలకు వీడియో కన్నా, నవ్విన వాళ్లలో సొంత స్నేహితురాలు ఉండటమే ఎక్కువ బాధ. "అసలు ఫొటోలెందుకు పెట్టావు" అన్న మాట మాత్రం ఎత్తకండి.

గ్రూపు పేరు, పంపినవాళ్ల నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, దాంతో క్లాస్ టీచర్ని కలవండి. వాట్సాప్‌లో "Delete for everyone" గడువు రెండు రోజుల పైచిలుకే. వారం దాటింది కాబట్టి ఇప్పుడు ఎవరి ఫోన్‌లోది వాళ్లే తీయాలి. చాట్‌లో తీసినా గ్యాలరీలో మిగిలి ఉండొచ్చు, రెండు చోట్లా తీయించమని టీచర్‌కి చెప్పండి.

ఒకవేళ అది బట్టలు లేని బొమ్మ అయితే దారి వేరు. మైనరుది కనుక సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పంపిన నంబరు రాసుకుని cybercrime.gov.in లో గానీ, 1930 కి గానీ ఫిర్యాదు చేయండి.

ఇక యాప్ సంగతి. ఫొటోలు ఉన్నది ఆ కంపెనీ సర్వర్‌లో. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే అక్కడివి కదలవు. అందుకే పాపను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ వేయించండి. గ్యాలరీ అనుమతి అడిగితే ఇవ్వొద్దు. పాత లాగిన్‌తోనే లోపలికి వెళ్లి, సెట్టింగ్స్‌లో "Delete account" నొక్కి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. ఆ మాట కనబడకపోతే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి "Data safety" కింద చూడండి. లేదా అక్కడున్న డెవలపర్ ఈమెయిల్‌కి, ఏ తేదీన ఏ లాగిన్‌తో పెట్టిందో రాసి, ఫొటోలు తొలగించి జవాబివ్వమని అడగండి. పాప పద్దెనిమిదేళ్ల లోపుదని, తల్లిగా అడుగుతున్నానని రాయండి. డబ్బు కట్టి ఉంటే సబ్‌స్క్రిప్షన్ విడిగా రద్దు చేయాలి. అయితే ఆ యాప్‌తో చేసిన వీడియోలు ఎవరికైనా పంపి ఉంటే, వాటిని ఆ కంపెనీ వెనక్కి తేలేదు. ఇది పాపకు దాచకుండా చెప్పండి.

చివరగా, తను కూడా సరదాకి ఎవరి ముఖమైనా అలా అతికించిందా అని మెల్లగా అడగండి. అవునంటే తిట్టకండి. ఆ పిల్లకు తనే ఫోన్ చేసి చెప్పి, మీ పక్కనే కూర్చుని తీసేయనివ్వండి.