ఫొటో పోయిన సిలాజిజమ్ ప్రశ్నను ఎలా టైప్ చేయాలి?

ప్రశ్న: నేను పెట్టిన సిలాజిజమ్ ప్రశ్న ఫొటో ఎవరికీ కనిపించడం లేదట. నా ఫోన్‌లో కూడా డిలీట్ అయిపోయింది. పెన్నులు, పుస్తకాలు, టేబుళ్లు, కుర్చీలు అని గుర్తుంది, నోట్‌బుక్‌లో సగం రాసుకున్నాను. ఎలా టైప్ చేస్తే ఏ కన్‌క్లూజన్ ఫాలో అవుతుందో చెప్పగలరు?

జవాబు: ముందు ఒక మంచి మాట. మీకు గుర్తున్న పేర్లతో ఈ ప్రశ్నకు పెద్దగా పని లేదు. పెన్నుల బదులు పిల్లులు అని రాసినా జవాబు మారదు. జవాబును మార్చేవి ఆ పేర్ల చుట్టూ ఉండే చిన్న మాటలు: అన్నీ, కొన్ని, ఏదీ కాదు, మాత్రమే, అవకాశం ఉంది. వీటితో పాటు ఏ పేరు ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నది కూడా ముఖ్యం. కాబట్టి ఒక్కో స్టేట్‌మెంట్‌ను ఒక్కో లైన్‌లో, ఒక్కో కన్‌క్లూజన్‌ను ఒక్కో లైన్‌లో, నంబర్ వేసి, సొంత మాటల్లోకి మార్చకుండా టైప్ చేయండి.

నంద్యాలలో బ్యాంక్ కోచింగ్ తీసుకునే రోజుల్లో మా రీడింగ్ రూమ్‌లో సాయంత్రాలు ఇదే పని. పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తున్న ప్రశ్నలు చెప్పేవాళ్లు, మేం కాగితం మీద వెన్ డయాగ్రమ్‌లు గీసేవాళ్లం. పేర్ల దగ్గర ఎప్పుడూ గొడవ రాలేదు. "మాత్రమే ఉందిరా", "లేదురా" అన్న దగ్గరే వాదన మొదలయ్యేది. ఆ వాదన ఎందుకంత అవసరమో మీ పేర్లతోనే చూపిస్తాను. ప్రశ్న ఇలా ఉందనుకోండి:

స్టేట్‌మెంట్ 1: కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు.
స్టేట్‌మెంట్ 2: అన్ని పుస్తకాలూ టేబుళ్లే.
స్టేట్‌మెంట్ 3: ఏ టేబులూ కుర్చీ కాదు.
కన్‌క్లూజన్ 1: కొన్ని పెన్నులు కుర్చీలు కావు.
కన్‌క్లూజన్ 2: అన్ని పెన్నులూ పుస్తకాలు అయ్యే అవకాశం ఉంది.

మొదటి కన్‌క్లూజన్ తేలిక. కొన్ని పెన్నులు పుస్తకాలు, ఆ పుస్తకాలన్నీ టేబుళ్లు, టేబుల్ ఏదీ కుర్చీ కాదు. అంటే ఆ పెన్నులు కుర్చీలు కావు. ఇది కచ్చితంగా ఫాలో అవుతుంది.

రెండోదాని దగ్గరే "మాత్రమే" పని చేస్తుంది. బ్యాంక్ పరీక్షల లెక్కలో "కొన్ని పెన్నులు మాత్రమే పుస్తకాలు" అంటే ఒక్క వాక్యంలో రెండు సంగతులు చెప్పినట్టు. కొన్ని పెన్నులు పుస్తకాలు అవుతాయి, కొన్ని పెన్నులు పుస్తకాలు కావు. ఇంగ్లిష్ పేపర్‌లో దీన్నే "ఓన్లీ ఎ ఫ్యూ" అని ఇస్తారు. కొన్ని కావని ముందే చెప్పేశాక, అన్నీ అయ్యే అవకాశం ఎక్కడిది? కాబట్టి రెండోది ఫాలో అవదు.

ఇప్పుడు "మాత్రమే" తీసేసి, "కొన్ని పెన్నులు పుస్తకాలు" అని టైప్ చేశారనుకోండి. "కొన్ని" అంటే కనీసం ఒకటి అని మాత్రమే అర్థం, మిగతావాటి గురించి అది ఏమీ చెప్పదు. అవకాశం అడిగినప్పుడు మనం చూసేది ఒక్కటే: ఇచ్చిన స్టేట్‌మెంట్లలో దేన్నీ చెడగొట్టకుండా అలాంటి డయాగ్రమ్ ఒక్కటైనా గీయగలమా? పెన్నుల వలయం మొత్తాన్ని పుస్తకాల వలయంలో పెట్టి చూడండి. ఏ స్టేట్‌మెంటూ తప్పడం లేదు. కాబట్టి రెండోది ఫాలో అవుతుంది. ఒక్క మాట పోయేసరికి జవాబు "1 మాత్రమే" నుంచి "1, 2 రెండూ"కు మారిపోయింది.

మూడో రకం కూడా ఉంది. "కొన్ని" లేకుండా "పెన్నులు మాత్రమే పుస్తకాలు" అని ఉంటే అర్థం తిరగబడుతుంది. పుస్తకం అయినదల్లా పెన్నే అని, అంటే "అన్ని పుస్తకాలూ పెన్నులే" అని. అప్పుడు కూడా రెండు కన్‌క్లూజన్లూ ఫాలో అవుతాయి.

ఇందులో మీకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. మొదటి కన్‌క్లూజన్ మూడు రకాల్లోనూ నిలబడింది. అంటే "మాత్రమే" ఉందో లేదో గుర్తు లేకపోయినా దాని గురించి బెంగ అక్కర్లేదు. అందుకే గుర్తులేని చోట ఊహించి నింపేయకుండా, "కొన్ని పెన్నులు (మాత్రమే?) పుస్తకాలు" అని ప్రశ్నార్థకం పెట్టి టైప్ చేయండి. చేసేవాళ్లు రెండు రకాలుగానూ గీసి చూస్తారు. జవాబు ఒకటే వస్తే సందేహం అక్కడితో తీరిపోతుంది, వేరుగా వస్తే ఏ మాట తేలాలో స్పష్టంగా తెలుస్తుంది. మీ దగ్గర కీ ఉంటే అదీ రాయండి. పై ప్రశ్నకు కీలో "1 మాత్రమే" అని ఉంటే, అసలు పేపర్‌లో "కొన్ని... మాత్రమే" ఉండే ఉంటుందని వెనక్కి లెక్క కట్టొచ్చు. కాకపోతే కీలు కూడా తప్పుతుంటాయి, దాన్నే సాక్ష్యంగా పట్టుకోకండి.

పేర్ల వరుస కూడా ఇంతే ముఖ్యం, ముఖ్యంగా ఆప్షన్లలో "1 గానీ 2 గానీ" ఉన్నప్పుడు. పై మూడు స్టేట్‌మెంట్లనే ఉంచి కన్‌క్లూజన్లు మారుద్దాం. ఒకటి: అన్ని పెన్నులూ టేబుళ్లే. రెండు: కొన్ని పెన్నులు టేబుళ్లు కావు. పుస్తకాలు కాని పెన్నులు టేబుళ్లు అవుతాయో లేదో మనకు తెలియదు, కాబట్టి విడివిడిగా ఏదీ ఫాలో అవదు. కానీ ఒకటోది తప్పైతే రెండోది ఒప్పై తీరాలి, రెండోది తప్పైతే ఒకటోది ఒప్పై తీరాలి. అందుకని "1 గానీ 2 గానీ" జవాబు.

అదే రెండోదాన్ని తొందరలో "కొన్ని టేబుళ్లు పెన్నులు కావు" అని తిప్పి టైప్ చేస్తే? పెన్నుల వలయం పెద్దదిగా గీసి, టేబుళ్లను మొత్తంగా దాని లోపల పెట్టండి, పుస్తకాలను టేబుళ్ల లోపల పెట్టండి. కుర్చీలను బయట ఉంచండి. టేబుళ్ల అవతల ఉన్న పెన్నులు కొన్ని మిగిలాయి, కాబట్టి ఒకటోది తప్పు. టేబుళ్లన్నీ పెన్నులే, కాబట్టి రెండోదీ తప్పు. రెండూ ఒకేసారి తప్పయ్యే వీలు ఉందంటే జత చెడిపోయినట్టే. జవాబు "ఏదీ ఫాలో అవదు" అవుతుంది. "కొన్ని పెన్నులు టేబుళ్లు" అన్నదాన్ని "కొన్ని టేబుళ్లు పెన్నులు" అని తిప్పినా నష్టం లేదు, "ఏ పెన్నూ టేబుల్ కాదు" అన్నదీ అంతే. తిప్పితే చెడేవి "అన్నీ", "కొన్ని కావు" రకాలు. ఈ లెక్కంతా గుర్తుపెట్టుకోవడం కన్నా దేన్నీ తిప్పకుండా ఉన్నదున్నట్టు టైప్ చేయడం సులువు.

ఆప్షన్లు, పైన ఉన్న సూచన లైన్ కూడా వదలకండి. ఏది ఫాలో అవుతుంది అని కాకుండా ఏది ఫాలో అవదు అని అడిగిన పేపర్లు ఉంటాయి. ఒకవేళ స్టేట్‌మెంట్లలో మాటల బదులు @, # లాంటి గుర్తులు ఇచ్చి ఉంటే, ఏ గుర్తుకు ఏ అర్థం ఇచ్చారో ఆ పట్టిక లేకుండా ఎవరూ చేయలేరు.

మీ నోట్‌బుక్‌లో ఉన్న సగాన్ని ముందు అలాగే పెట్టండి. అందులో మొదటి స్టేట్‌మెంట్‌లో "మాత్రమే" కనిపిస్తోందా, కన్‌క్లూజన్లలో ఎక్కడైనా "అవకాశం" అన్న మాట ఉందా అన్నది రాస్తే చాలు, మిగతాది గీసి చెబుతాను.