బంకులో పెట్రోల్ కారుకు డీజిల్ కొడితే నష్టం ఎవరిది?

సందేహం: నాది పెట్రోల్ కారు. బంకులో ‘ఫుల్ ట్యాంక్’ అన్నాను, కుర్రాడు డీజిల్ కొట్టేశాడు. చూసుకోకుండా బయల్దేరాను. కిలోమీటరు దాటాక కారు కుదుపులిచ్చి, తెల్లటి పొగతో ఆగిపోయింది. ఇప్పుడు మెకానిక్ షెడ్డులో ఉంది, ఇంకా ఇంజన్ విప్పలేదు. బంకు యజమాని ‘పెట్రోల్ అని మీరు చెప్పలేదు, పైగా బండి నడిపింది మీరే’ అంటున్నాడు. ఖర్చు రాబట్టుకోవచ్చా?

సమాధానం: రాబట్టుకోవచ్చు. ఇంజన్ ఇంకా విప్పలేదు కాబట్టి మీ కేసుకు కావలసిన సాక్ష్యం చాలావరకు ఆ కారులోనే ఉంది. ముందు మెకానిక్‌కు ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా ట్యాంక్ ఖాళీ చేయొద్దని, బ్యాటరీ తీగలు విప్పొద్దని, మళ్లీ స్టార్ట్ చేసి చూడొద్దని చెప్పండి. మిగతాది ఆ తర్వాత చదవండి.

యజమాని చెప్పే రెండు మాటల్లో మొదటిది నిలవదు. ఏ ఇంధనం కొట్టాలో తెలుసుకుని కొట్టడం బంకు పని. మూత మీద రాసి ఉంటే చూడాలి, లేకపోతే అడగాలి. పైగా చాలా బంకుల్లో డీజిల్ నాజిల్ లావుగా ఉంటుంది, పెట్రోల్ కారు మూతిలోకి సాఫీగా దిగదు. బయట పట్టుకుని పోశాడంటే అక్కడే అనుమానం రావలసింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దీన్ని సేవాలోపం కిందే చూస్తుంది. ఉద్యోగి పనిలో ఉండగా చేసిన తప్పుకు యజమాని బాధ్యత వహించాలి. మీరు ‘పెట్రోల్’ అన్న మాట అనకపోవడం ఎదుటి లాయరు వాదనకు పనికొస్తుందే తప్ప బంకును పూర్తిగా బయటపడేయదు. మీరు ‘డీజిల్’ అని పొరపాటున చెప్పి ఉంటేనో, మీరే నాజిల్ పట్టుకుని పోసుకుని ఉంటేనో కథ వేరు. అప్పుడు ఖర్చు మీదే.

అసలు పోరాటం రెండో మాట మీద. ‘బండి నడిపింది మీరే’ అన్నదానికి జవాబు ఇంజన్ పనితీరులోనే ఉంది. ట్యాంకులో 7 లీటర్ల పెట్రోల్ ఉండగా 20 లీటర్ల డీజిల్ పడిందనుకుందాం. మిశ్రమంలో దాదాపు మూడొంతులు డీజిలే. అయినా గొట్టాల్లో, ఫిల్టరులో ఇంకా పాత పెట్రోలే ఉంటుంది కాబట్టి కారు మామూలుగానే స్టార్ట్ అవుతుంది, కొంతదూరం పోతుంది. అది అయిపోయి డీజిల్ ఇంజెక్టర్ల దాకా రాగానే కష్టం మొదలవుతుంది. డీజిల్ పెట్రోల్‌లా సులువుగా ఆవిరి కాదు, స్పార్క్ ప్లగ్ నిప్పుకు సరిగా అంటుకోదు. అందుకే కుదుపులు. కాలకుండా మిగిలిన డీజిలే తెల్లటి పొగగా వస్తుంది. అంటే ఆ మొదటి కుదుపు దాకా డ్రైవరుకు తప్పు తెలిసే మార్గం లేదు. తెలియకుండా నడిపిన దూరానికి మిమ్మల్ని తప్పుపట్టడం కష్టం.

కుదుపు తర్వాత ఏం చేశారన్నది మాత్రం, ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ తప్పకుండా అడుగుతుంది. నష్టాన్ని పెరగనివ్వకుండా చూసుకోవలసిన బాధ్యత నష్టపోయినవాడి మీద కూడా ఉంటుంది. పక్కకు తీసి ఆపేసి ఉంటే మీ చేతులు శుభ్రం. ఆగిన బండిని అదేపనిగా సెల్ఫ్ కొడుతూ, యాక్సిలరేటర్ తొక్కుతూ ఈడ్చుకెళ్లి ఉంటే, ప్లగ్గులు మసిబారడం, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌ను పలచబరచడం, సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవడం లాంటి వాటిలో కొంత వాటా మీ మీద వేయవచ్చు. నాకు రాసినట్టే కమిషన్‌కూ ఉన్నదున్నట్టు చెప్పండి. ఎందుకంటే కారు కూడా చెబుతుంది. ఇంధనం సరిగా మండకపోతే కారు కంప్యూటర్ P0300 లాంటి కోడ్‌ను దాచుకుంటుంది. చాలా కార్లలో ఆ క్షణంలో ఉన్న వేగం, ఇంజన్ తిరిగిన వేగం, వేడి కూడా నమోదవుతాయి. స్కానర్ పెట్టి ఆ రిపోర్టు ప్రింటు తీయించండి. కోడ్లు చెరిపేశాక లేదా బ్యాటరీ విప్పాక చాలావరకు అది పోతుంది. మెకానిక్‌ను ఆపమన్నది అందుకే.

రెండో సాక్ష్యం బిల్లు. అందులో ఇంధనం పేరు దగ్గర ‘హెచ్‌ఎస్‌డీ’ అని ఉంటే అది డీజిల్, ‘ఎంఎస్’ అని ఉంటే పెట్రోల్. పెట్రోల్ కారు నంబరుతో హెచ్‌ఎస్‌డీ బిల్లు ఉందంటే సగం కేసు నిరూపణైనట్టే. బిల్లు లేకపోతే, చెల్లింపు సందేశంలోని సమయాన్ని పట్టుకుని ఆ సమయంలో ఏ నాజిల్ నుంచి ఎన్ని లీటర్లు పోశారో లెక్క ఇవ్వమని అడగండి. సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి. వాటిని భద్రపరచమని ఈరోజే రాతపూర్వకంగా కోరి, తీసుకున్నట్టు సంతకం తీసుకోండి, కుదరకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదే ఉత్తరం నకలు ఆ బంకుకు సరఫరా చేసే ఆయిల్ కంపెనీ స్థానిక అధికారికీ పంపండి. ఆయన నంబరు బంకులోనే బోర్డు మీద ఉండాలి.

మూడోది ట్యాంకులోని ద్రవం. వీలైతే బంకు మనిషిని పిలిచి, అతని ముందే తీయించండి. రాకపోతే పిలిచినట్టు సందేశం ఉంచుకుని, వీడియో తీస్తూ తీయించండి. ఇంధనానికి పనికొచ్చే లోహపు డబ్బాలో ఒక లీటరు పక్కన పెట్టి సీలు వేసి, మెకానిక్ సంతకం, తేదీ వేయించండి. నోటితో పీల్చి తీయడం లాంటి పనులు ఎవరినీ చేయనివ్వకండి. అక్కడికక్కడే తేలికగా తెలియాలంటే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయిస్తే చాలు. పెట్రోలయితే ఆరిపోయి మరక మిగలదు, డీజిలయితే జిడ్డు మిగిలిపోతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు గాని, ఎదుటివాడి గొంతు తగ్గించడానికి సరిపోతుంది.

మెకానిక్ రాసే జాబ్ కార్డులో ‘ఇంజన్ సమస్య’ అని రాయనివ్వకండి. ‘పెట్రోల్ ట్యాంకులో డీజిల్ ఉన్నందువల్ల’ అని కారణం ఉండాలి. మామూలుగా ఇలాంటి కేసులో ట్యాంకు ఖాళీ చేసి కడగడం, గొట్టాలు శుభ్రం చేయడం, ఫిల్టరు, స్పార్క్ ప్లగ్గులు మార్చడం, అవసరమైతే ఇంజన్ ఆయిల్ మార్చడంతో పని అయిపోతుంది. డీజిల్ కారులో పెట్రోల్ పోస్తే వచ్చేంత ముప్పు ఇందులో సాధారణంగా ఉండదు. కాబట్టి బంకుకు పంపే నోటీసులో కొత్త ఇంజన్ కావాలని రాయకండి. పెద్ద అంకె వేస్తే పెద్ద పరిహారం వస్తుందని చాలామంది అనుకుంటారు, నిజానికి నిరూపించలేని అంకె ఒకటుంటే నిరూపించగలిగినదాన్నీ కమిషన్ అనుమానంగా చూస్తుంది. బిల్లుల మొత్తం, బండిని లాగించిన ఖర్చు, పారబోసిన ఇంధనం విలువ, కారు లేని రోజుల ప్రయాణ ఖర్చు, ఆపై మానసిక ఇబ్బందికి కొంత అడగండి.

ముందు 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు ఉండే ఊరిని బట్టే వేసుకోవచ్చు, బంకు ఉన్న చోటికే వెళ్లనక్కర్లేదు. గడువు రెండేళ్లు. వీడియోలు, ఫోను సందేశాలు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయడం మంచిది. ఆ ఫోనును మార్చేయకుండా దాచుకోండి.

బీమా మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ ప్రమాదం, దొంగతనం లాంటి వాటికే గాని యాంత్రిక లోపాలకు వర్తించదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ యాడ్ ఆన్ తీసుకుని ఉంటే, కొన్నిటిలో బండిని లాగడం, ట్యాంకు ఖాళీ చేయించడం ఉంటాయి. పాలసీ పత్రం తీసి చూసుకోండి. ఉంటే రిపేరు మొదలుపెట్టక ముందే కంపెనీకి తెలియజేయండి, మొదలయ్యాక చెబితే సర్వేయరుకు చూడటానికి ఏమీ మిగలదు.

ఇంకొకరికి ఇలా బంకులోనే తెలిస్తే, తాళం తిప్పకూడదు. ఇంజన్ స్టార్ట్ చేయకపోయినా, చాలా కార్లలో ఇగ్నిషన్ ఆన్ కాగానే ఇంధన పంపు పనిచేసి డీజిల్‌ను ముందుకు తోసేస్తుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి నెట్టించాలి. న్యూట్రల్ పడాలంటేనే ఇగ్నిషన్ కావలసిన ఆటోమేటిక్ కారయితే అక్కడే వదిలి, లాగే వాహనాన్ని పిలిపించడం మేలు. ‘మిగతా ఖాళీలో పెట్రోల్ పోస్తాం, సర్దుకుంటుంది’ అని బంకువాళ్లు బతిమాలతారు. దానికి ఒప్పుకుని బయల్దేరితే, తెలిసి నడిపినట్టవుతుంది, పైన చెప్పిన వాదన మీకు దొరకదు.